జీతాల బేరం తరగతి గదిలో: ఒక కేసు తయారుచేసిన అనుభవం

యూనియన్‌కీ యాజమాన్యానికీ మధ్య జీతాల చర్చల్ని విద్యార్థుల చేత ఆడించడం కొత్తేమీ కాదు. తరగతిని రెండు జట్లు చేస్తారు. ఒక జట్టు పది అడుగుతుంది, ఇంకో జట్టు రెండు ఇస్తానంటుంది, గంట కొట్టేలోపు ఆరు దగ్గర చేతులు కలుపుతారు. ఇందులో పిల్లలు బేరమాడడం నేర్చుకుంటారు గానీ జీతం గురించి ఏమీ నేర్చుకోరు. ఆ ఆరు ఎవరికి ఎంత చేరిందన్న ప్రశ్న రానే రాదు. మేము తయారుచేసిన కేసు ఆ ప్రశ్న చుట్టూనే అల్లింది. ఎట్లా అల్లామో, ఎక్కడ తప్పామో ఇక్కడ చెబుతున్నాము.

ఆలోచన వచ్చింది హైదరాబాద్ నుంచి. 2015 జూలైలో నగరపాలక సంస్థ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఊడ్చేవాళ్ల జీతం 8,500 నుంచి 12,500 రూపాయలకూ, డ్రైవర్ల జీతం 10,200 నుంచి 15,000 రూపాయలకూ పెంచింది. రెండూ 47 శాతమే. అందరికీ సమానంగా పెరిగినట్టే కనపడుతుంది. కానీ ఊడ్చే మనిషికీ బండి నడిపే మనిషికీ మధ్య అంతకుముందు 1,700 రూపాయల తేడా ఉంటే, పెంపు తర్వాత అది 2,500 అయింది. పెంచింది గొప్ప పెంపే, సందేహం లేదు. అయినా అడుగున ఉన్నవాళ్లకీ పైనున్నవాళ్లకీ మధ్య దూరాన్ని పెంచింది కూడా ఆ పెంపే.

అసలు సంఘటననే తరగతిలో పెడితే విద్యార్థులు తెలిసిన అంకెనే తెచ్చి బల్ల మీద పెడతారు. అందుకని ఒక చిన్న పురపాలక సంఘాన్ని ఊహించుకున్నాము. అక్కడ కాంట్రాక్టు మీద 200 మంది ఊడ్చేవాళ్లున్నారు, ఎక్కువమంది దళిత స్త్రీలు. నెలకు 8,000 జీతం. 40 మంది డ్రైవర్లున్నారు, అందరూ మగవాళ్లు. వాళ్లకు 14,000. నెల జీతాల మొత్తం 21,60,000 రూపాయలు. యాజమాన్యం జీతాల్లో 20 శాతం వరకూ, అంటే 4,32,000 వరకూ పెంచగలదు.

అంకెలు ఇట్లా ఎంచుకోవడానికి కారణం ఉంది. 20 శాతం లెక్కన పంచితే ఊడ్చేవాళ్లకు 1,600, డ్రైవర్లకు 2,800 వస్తుంది. మనిషికింత అని సమానంగా పంచితే 240 మందికీ తలా 1,800. రెండింట్లోనూ యాజమాన్యానికి పడే ఖర్చు ఒకటే. శాతం పద్ధతిలో ఇద్దరి మధ్య తేడా 6,000 నుంచి 7,200కు పెరుగుతుంది, రెండో పద్ధతిలో 6,000 దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఈ తగాదా యాజమాన్యంతో కాదు, యూనియన్ లోపలిది. యాజమాన్యం జట్టుకు బుర్ర ఉంటే శాతం లెక్క ముందుగా వాళ్లే ప్రతిపాదించి, యూనియన్ జట్టు తమలో తాము కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంటారు. మా దగ్గర ఒక జట్టు అదే చేసింది. మేము చెప్పలేదు, వాళ్లకే తట్టింది.

ప్రతి జట్టుకూ ఒక రహస్య కాగితం ఇస్తాము. యాజమాన్యం కాగితంలో 4,32,000 అని రాయము. పాలకవర్గం నెలకు మొత్తం 5,02,200 రూపాయలకు మించి ఒప్పుకోదని మాత్రమే రాస్తాము. ఎందుకంటే జీతం వంద పెరిగితే యాజమాన్యానికి పడేది వంద కాదు. పీఎఫ్ కింద ఛార్జీలతో కలిపి 13 రూపాయలు, ఈఎస్ఐ కింద 3 రూపాయల 25 పైసలు అదనం. (పీఎఫ్ పూర్తి జీతం మీద కడతారని కేసులోనే రాసుకోవాలి. లేకపోతే డ్రైవర్ల దగ్గర లెక్క చెడిపోతుంది.) అటువైపు కార్మికురాలి వాటా కింద 12 రూపాయల 75 పైసలు కోసుకుంటే ఆమె చేతికి వచ్చేది 87 చిల్లర. ఒకే పెంపును యాజమాన్యం 116గా చూస్తుంది, ఊడ్చే మనిషి 87గా చూస్తుంది. ఇద్దరూ అబద్ధమాడడం లేదు.

విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 5,02,200ను నేరుగా 240తో భాగించి, తలా 2,000 పైచిలుకు ఇస్తామని మాట ఇచ్చేస్తారు. ఒప్పంద పత్రంలో తలసరి పెంపు 1,800 దాటిందంటే యాజమాన్యం జట్టు పీఎఫ్, ఈఎస్ఐ మరిచిపోయిందని లెక్క. అప్పుడు ఉపాధ్యాయుడు కలగజేసుకోకూడదు. ఆట అయిన తర్వాత అదే పత్రం మీద లెక్క చేయించాలి.

యూనియన్ కాగితంలో సమ్మె లెక్క ఉండాలి. సమ్మె అనగానే పిల్లలకు ఉత్సాహం వస్తుంది, అది మంచిదే. కానీ 8,000 జీతాన్ని 26 రోజులతో భాగిస్తే రోజుకు దాదాపు 308 రూపాయలు. పది రోజుల సమ్మెకు 3,080 పోతుంది. అసలేమీ ఇవ్వనన్న యాజమాన్యం సమ్మె వల్ల 1,600కు దిగివస్తే ఆ నష్టం రెండు నెలల్లో తీరుతుంది. 1,600ను 1,800 చేయించడానికే అయితే పదిహేను నెలలు దాటుతుంది. ఒప్పందం మూడేళ్లకు గనక అప్పటికీ గిట్టుబాటే. అయితే ఆ పది రోజులు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందన్నది ఈ లెక్కలో లేదు. అది అడిగే విద్యార్థి ఉంటే తరగతి సగం గెలిచినట్టే.

బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలన్నది కూడా కేసులో భాగం కావాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం మస్టర్ రోల్‌లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న యూనియనే ఏకైక చర్చల ప్రతినిధి. కాంట్రాక్టు వాళ్ల పేర్లుండేది కాంట్రాక్టరు రోల్‌లో. కమిషనర్ పాత్రధారికి 'వాళ్లు మా మనుషులు కాదు' అనే అవకాశం ఇక్కడే దొరుకుతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత అసలు యజమానిదేనన్న మాట యూనియన్ కాగితంలో మాత్రమే రాస్తాము. ఆ బాధ్యత ఎగ్గొట్టిన జీతం వరకే గానీ పెంపు దాకా రాదని పసిగట్టడం కమిషనర్ పని.

పాత్రలు పంచడంలో మేము మొదటిసారి పెద్ద తప్పు చేశాము. ఎవరికి ఏది కావాలో ఎంచుకోమన్నాము. కమిషనర్ పాత్రకు పోటీ పడ్డారు. ఊడ్చేవాళ్ల ప్రతినిధి పాత్ర మిగిలిపోయింది. చివరికి వెనక బెంచీలో ఉన్న ఒక అమ్మాయి వైపు అందరూ చూశారు. ఎందుకు చూశారో ఆ అమ్మాయికీ తెలుసు, మాకూ తెలుసు. మాలో ఒకరి తల్లి ఆ పనే చేసి మమ్మల్ని చదివించింది గనక ఆ చూపు మాకు కొత్త కాదు. అప్పట్నుంచీ చీటీలు వేస్తున్నాము. యాస అనుకరించకూడదనీ, పాత్ర కాగితంలో ఉన్న లెక్కతోనే మాట్లాడాలనీ ముందే చెబుతున్నాము.

ఇంకో మార్పు కూడా చేశాము. మొదట్లో డ్రైవర్ల ప్రతినిధీ ఊడ్చేవాళ్ల ప్రతినిధీ కలిసి నేరుగా యాజమాన్యం ముందుకు పోయేవాళ్లు. ప్రతిసారీ డ్రైవరే మాట్లాడేవాడు, శాతానికే ఒప్పుకునేవాడు. ఇప్పుడు చర్చలకు ముందు యూనియన్ జట్టుకు విడిగా ఇరవై నిమిషాలిస్తాము. శాతమా, సమానమా అన్నది అక్కడే తేల్చుకుని, కారణం ఒక వాక్యంలో రాసి, ఊడ్చేవాళ్ల ప్రతినిధి సంతకంతో మాకు ఇవ్వాలి. సంతకం లేకపోతే చర్చ మొదలవ్వదు. ఒక బ్యాచ్‌లో ఆ ఇరవై నిమిషాలు గంట అయ్యాయి. యాజమాన్యం జట్టు బయట వరండాలో కూర్చుని టీ తాగుతూ ఎదురుచూసింది.