తలా నాలుగు మిల్లీసెకన్లు

పాట వింటూనే టైప్ చేస్తాం, వెనకాల ఫైలు డౌన్‌లోడ్ అవుతూనే ఉంటుంది. సీపీయూలో ఒకే కోర్ ఉన్నా ఇవన్నీ ఒకేసారి నడుస్తున్నట్టే అనిపిస్తాయి. నిజానికి ఆ కోర్ ఒక్కో ప్రోగ్రామును కాసేపు నడిపి, ఆపి, వరుస చివరికి పంపి, తర్వాతి దాన్ని అందుకోగలదు. ఈ పద్ధతే రౌండ్ రాబిన్. ఒక్కో వంతుకు దక్కే గరిష్ఠ సమయం టైమ్ క్వాంటమ్.

ఒక లెక్క చేసి చూద్దాం. P1, P2, P3 అనే మూడు పనులు 0 సమయానికే ఇదే వరుసలో వచ్చాయి. వాటికి కావాల్సిన సీపీయూ సమయం వరుసగా 10, 4, 6 మిల్లీసెకన్లు. క్వాంటమ్ 4. ఎవరి వంతు ఎప్పుడో గీస్తే వచ్చేదే గాంట్ చార్ట్:

```
| P1 | P2 | P3 | P1 | P3 | P1 |
0    4    8    12   16   18   20
```

P2 తన పనంతా మొదటి వంతులోనే ముగించుకుని 8 దగ్గర తప్పుకుంది. P3కి రెండో వంతులో 2 మిల్లీసెకన్లే చాలాయి, కాబట్టి క్వాంటమ్ పూర్తయ్యేదాకా ఆగకుండా 18 దగ్గరే P1 అందుకుంది.

ఒక పని ముగిసిన సమయంలోంచి అది వచ్చిన సమయాన్ని, నడిచిన సమయాన్ని తీసేస్తే మిగిలేదే నిరీక్షణ.

```
P1: 20 - 0 - 10 = 10
P2:  8 - 0 -  4 =  4
P3: 18 - 0 -  6 = 12
(10 + 4 + 12) / 3 = 8.67
```

చాలామంది P3 దగ్గర పొరబడతారు. అది మొదటిసారి 8 దగ్గర మొదలైంది కదా అని నిరీక్షణ 8 అని రాసేస్తారు. 12 నుంచి 16 దాకా మళ్ళీ ఆగిన 4 మిల్లీసెకన్లు కూడా కలపాలి.

ఇవే పనులను వచ్చిన వరుసలో, మధ్యలో ఆపకుండా నడిపితే నిరీక్షణలు 0, 10, 14. సగటు 8. అంటే ఇక్కడ రౌండ్ రాబిన్ సగటు నిరీక్షణను తగ్గించలేదు, కాస్త పెంచింది! తగ్గింది మొదటి వంతు కోసం ఆగే సమయం. అది సగటున 8 నుంచి 4కు దిగింది. మీట నొక్కగానే తెరమీద అక్షరం కనిపించాలంటే కావాల్సింది ఇదే.

మరి క్వాంటమ్‌ను 1కి తగ్గిస్తే? మొదటి వంతు సగటున 1 మిల్లీసెకనుకే వస్తుంది. కానీ సగటు నిరీక్షణ 9 అవుతుంది, ఒక పని నుంచి మరో పనికి మారడాలు 5 నుంచి 16కు పెరుగుతాయి. మారిన ప్రతిసారీ ఒక పని స్థితిని దాచి, ఇంకోదాన్ని తెచ్చుకోవాలి. మన లెక్కలో లేని ఆ సమయం అసలు యంత్రంలో వృథాగా పోతుంది. క్వాంటమ్‌ను 10కి పెంచితే ఏ పనీ మధ్యలో ఆగదు, వచ్చిన వరుసలో నడిపినట్టే అవుతుంది. లినక్స్‌లో `SCHED_RR` అనే విధానానికి సాధారణంగా ఉండే క్వాంటమ్ 100 మిల్లీసెకన్లు. అవసరాన్ని బట్టి దాన్ని `/proc/sys/kernel/sched_rr_timeslice_ms`లో మార్చుకోవచ్చు.