శుభాకాంక్షలు వద్దు, ఒక సంగతి చెప్పండి

విదేశంలో ఉన్న స్నేహితుడి పుట్టినరోజుకి చుట్టాలందరి చేతా తలా ఒక మాట చెప్పించి వీడియో చేద్దామని అనుకుంటాం. ఇంటింటికీ ఫోన్ చేసి "వాడికి విషెస్ చెప్పి పంపండి" అంటాం. వచ్చిన క్లిప్పులన్నీ వరసగా పెట్టి చూస్తే అందరిదీ ఒకటే మాట: "హ్యాపీ బర్త్‌డే నాన్నా, నిండు నూరేళ్లూ చల్లగా ఉండు." మూడో మనిషి వచ్చేసరికి చూసేవాడి వేలు వీడియోని ముందుకు జరిపేస్తుంది. ఇందులో చుట్టాల తప్పేమీ లేదు. విషెస్ చెప్పమన్నాం, చెప్పారు.

అందుకే ఇలాంటి వీడియోకి స్క్రిప్టు అంటే ముందుగా రాసుకోవలసింది ప్రశ్నలు. ఎవరు ఏం పలకాలో రాసిచ్చామా, పెద్దవాళ్లు దాన్ని బడిలో పాఠం అప్పజెప్పినట్టు చదువుతారు. అదే ఆ మనిషికి మాత్రమే తెలిసిన సంగతి ఒకటి అడిగితే, కెమెరా ఉందన్న మాటే మరిచిపోయి చెబుతారు.

తెనాలి దగ్గరి పల్లె నుంచి డల్లాస్ వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడిని అనుకుందాం. పుట్టినరోజు ఆగస్టు 17. వీడియో మొత్తం రెండు నిమిషాలు దాటకూడదు. మనిషికి ఏడెనిమిది సెకన్లు ఇస్తే పన్నెండు మంది సుఖంగా పడతారు. మామూలుగా మాట్లాడేటప్పుడు ఆ వ్యవధిలో పన్నెండు, పదిహేను మాటలకు మించి పట్టవు. అంటే ఒక సంగతి, దాని మీద ఒక చమత్కారం, అంతే. నాయనమ్మకీ అమ్మకీ మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్లకి పదిహేను సెకన్లయినా ఇవ్వాలి.

పెదనాన్నని "వాడి గురించి ఏమైనా చెప్పండి" అంటే గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెడతారు. "పెదనాన్నగారూ, మీ లూనా సంగతేంటి?" అని అడిగి చూడండి. "ఎనిమిదో తరగతిలో నా లూనా తీసుకెళ్లి కాలవలో పడేశావురా. ఆ రిపేరు డబ్బులు ఇంకా బాకీ." ఇది వీడియోలో పనికొచ్చే మాట. మేనత్తని పచ్చడి గురించి అడిగితే, "గోంగూర సీసా పది రోజుల్లో ఖాళీ చేశావటగా, ఈసారి రెండు పెట్టాను" అంటుంది. విశాఖలో ఉన్న అక్క, "నువ్వు పోయిందని ఏడ్చిన స్టాంపుల పుస్తకం నా దగ్గరే ఉంది, ఇవ్వను" అంటుంది. ఎవరూ నిండు నూరేళ్ల ఊసు ఎత్తలేదు. ఎత్తకపోయినా చూసేవాడికి అందవలసింది అందుతుంది.

నాన్నల దగ్గర కష్టం. కెమెరా చూడగానే బిగుసుకుపోతారు, కాలర్ సర్దుకుంటారు. అలాంటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టొద్దు. చేతిలో పని ఉన్నప్పుడే అడగాలి. పెరట్లో నీళ్లు పెడుతుండగా "ఆ చెట్టు ఎవరు నాటారు బాబాయ్?" అంటే, పైపు పక్కకి తిప్పి, "నువ్వు నాటిన కొబ్బరి చెట్టు ఈ ఏడు కాపుకొచ్చింది" అని కొడుకుతో అన్నట్టే అంటారు. మొత్తం వీడియోలో బాగా గుర్తుండిపోయేది అదే కావచ్చు.

అడగకూడనివీ కొన్ని ఉన్నాయి. పెళ్లెప్పుడు, ఎప్పుడొస్తున్నావు, గ్రీన్‌కార్డు సంగతేమైంది. ఈ మూడూ ఎవరో ఒకరి నోటి నుంచి రాకుండా ఉండవు. వస్తే మొహమాటపడకుండా కత్తిరించండి. అమ్మ కన్నీళ్లు పెట్టుకున్న ముక్క కూడా నేనైతే ఉంచను. అంత దూరంలో ఒక్కడే గదిలో కూర్చుని చూసేవాడు దానికి చేయగలిగింది ఏమీ లేదు. కాస్త కుదుటపడ్డాక, "ఆ రోజు వాడు ఏం చేయాలి పిన్నీ?" అని మళ్లీ అడగండి. "పొద్దున్నే తలంటు పోసుకోరా. ఆఫీసుకి సెలవు పెట్టకపోయినా పాయసం మాత్రం వండుకో" అంటుంది. దాన్ని చివర పెట్టండి.

వరస కూడా ఆలోచించి పెట్టాలి. మొదట అమ్మానాన్నలు వస్తే మిగతావాళ్లంతా తేలిపోతారు. వాడు ఊహించని ముఖంతో మొదలుపెట్టాలి. వీడియో కాల్‌లో తప్ప చూడని మేనకోడలు "మామయ్యా, నాకు సైకిల్ వచ్చేసింది, నువ్వొస్తే వెనక ఎక్కించుకుంటా" అంటే నవ్వుతో మొదలవుతుంది. ఆపైన సరదా మాటలు, తర్వాత నాయనమ్మ, నాన్న, చివర అమ్మ.

రికార్డింగుకి చుట్టాలకి పంపే సూచనలు నాలుగు వాక్యాలు మించితే ఎవరూ చదవరు. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. కిటికీకి ఎదురుగా కూర్చోండి, కిటికీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది. ఫ్యాన్, టీవీ ఆపండి. బటన్ నొక్కాక రెండు సెకన్లు ఆగి మొదలుపెట్టండి, చెప్పాక మరో రెండు సెకన్లు ఆగి ఆపండి. ఈ ఆఖరిది చిన్నగా కనిపిస్తుంది కానీ, ఇది లేకపోతే సగం మందికి మొదటి అక్షరం తెగిపోయి "రేయ్" మాత్రమే మిగులుతుంది. ఫ్యాన్ హోరు కూడా అంతే, అక్కడ కూర్చున్నవాళ్లకి వినపడదు, క్లిప్పులో మాటని మింగేస్తుంది. ఒకటి రాగానే హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. మళ్లీ తీయమనాలంటే ఆ రోజే అడగాలి, వారం తర్వాత అడిగితే విసుక్కుంటారు.

వాట్సాప్‌లో వీడియోని మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి బొమ్మ మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా జతచేసి పంపమంటే తీసింది తీసినట్టు వస్తుంది. అది చేతకాని పెద్దవాళ్ల ఇంట్లో పిల్లల్ని పట్టుకోవాలి. ఎడిటింగులో సినిమా పాట మాటల కింద పెట్టొద్దు. పెట్టాలంటే మొదట్లో, చివర్లో కొన్ని సెకన్లు చాలు.

గుట్టు రట్టయ్యేది ఎక్కువగా ఉత్సాహం వల్లే. పాత ఫ్యామిలీ గ్రూపులో వాడూ ఉంటాడు కాబట్టి కొత్త గ్రూపు తప్పదు. అయినా ఏ బాబాయో తన క్లిప్పు బాగా వచ్చిందని స్టేటస్‌లో పెట్టేస్తాడు. గ్రూపులో మొదటి మెసేజే "స్టేటస్ పెట్టొద్దు" అని ఉండాలి. చిన్నపిల్లలకి రహస్యం అని చెప్పకపోవడమే మేలు, చెబితే ఆ రాత్రి వీడియో కాల్‌లోనే చెప్పేస్తారు. గడువు కూడా అసలు తేదీకి వారం ముందుది చెప్పండి.

ఇక పంపే సమయం. మనకి అర్ధరాత్రి పన్నెండు కాగానే పంపితే డల్లాస్‌లో ఇంకా ముందురోజు మధ్యాహ్నం ఒకటిన్నర, వాడు ఆఫీసు మీటింగులో ఉంటాడు. ఆగస్టులో అక్కడ అర్ధరాత్రి అంటే మనకి 17వ తేదీ ఉదయం 10.30. చలికాలంలో వాళ్లు గడియారాలు గంట వెనక్కి జరుపుతారు కాబట్టి అప్పుడు 11.30 అవుతుంది. సరిగ్గా ఆ నిమిషానికే పంపాలని పట్టుపట్టక్కర్లేదు. అక్కడి సాయంత్రం ఇంటికి చేరాక పంపితే తీరిగ్గా చూస్తాడు, వెంటనే అమ్మకి ఫోన్ చేసినా ఇక్కడ తెల్లారి ఉంటుంది.

ఒక్క మనవి. నాయనమ్మ దగ్గర తీసిన నాలుగు నిమిషాల్లో వీడియోకి పదిహేను సెకన్లే వాడుకుంటారు. "నెయ్యి వేశానంటే నమ్మేవాడు కాదు, గిన్నె చూపించాల్సిందే" అన్న ముక్క తీసుకుని మిగతాది ఫోన్ నిండిందని చెరిపేయకండి. ఆ పూర్తి రికార్డింగు విడిగా దాచి, ఆ ఇంటివాళ్లకి ఇవ్వండి.