ఏ పుచ్చుకు ఏ ఫిల్లింగ్?

ఫిల్లింగ్ చేయించుకోవడానికి వచ్చే చాలామంది “పంటి రంగులో కలిసిపోయేదే పెట్టండి” అంటారు. ముందు పళ్లకైతే అది సరైన కోరికే. దవడ పళ్ల సందుల్లోనో, చిగురు అంచునో పుచ్చు ఉంటే మాత్రం డాక్టరు రంగుకన్నా ముందు రెండు విషయాలు చూస్తారు. పని పూర్తయ్యేదాకా అక్కడ తడి చేరకుండా ఆపగలమా? నమిలేటప్పుడు అక్కడ ఎంత బరువు పడుతుంది?

అరవై దాటిన ఒకావిడను ఉదాహరణగా తీసుకుందాం. ఆమెకు షుగరుంది. చాలాకాలంగా వాడుతున్న మందులవల్ల నోరు ఎండిపోతుంటుంది. మూడు పళ్లు పుచ్చాయి.

మొదటి పుచ్చు కింది దవడ పన్ను నమిలే భాగంలో ఉంది. లోతు తక్కువ, చుట్టూ ఎనామెల్ గట్టిగా ఉంది. ఇది కాంపోజిట్‌కు అనువైన చోటు. పుచ్చిన భాగం తీసేశాక ఎనామెల్‌కు ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ రాసి, కొన్ని సెకన్లు ఉంచి కడిగేస్తారు. దాంతో ఉపరితలం కంటికి కనిపించనంత సన్నగా గరుకుబారుతుంది. ఆ గరుకులోకి బాండింగ్ ద్రవం ఇంకి పట్టు దొరుకుతుంది. తర్వాత కాంపోజిట్‌ను సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ, ఒక్కో పొరను నీలి లైటుతో గట్టిపరుస్తారు. గట్టిపడేటప్పుడు ఈ పదార్థం కాస్త కుంచించుకుపోతుంది. అందుకే ఒకేసారి కూరిపెట్టరు. యాసిడ్ కడిగేశాక లాలాజలం తగిలితే పట్టు దెబ్బతింటుంది. పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ బిగించేది అందుకే.

రెండో పుచ్చు పై పన్ను మొదట్లో, చిగురు దిగి బయటపడిన వేరు మీద ఉంది. అక్కడ ఎనామెల్ లేదు, చిగురు నుంచి తడి ఊరుతూనే ఉంటుంది. నమిలే బరువు మాత్రం నేరుగా పడదు. ఇక్కడ గ్లాస్ అయానమర్ బాగా పనికొస్తుంది. గాజు పొడినీ ఆమ్ల ద్రవాన్నీ కలిపి చేసే ఈ సిమెంటు పంటిలోని కాల్షియంతో రసాయనికంగా అతుక్కుంటుంది, కొద్దికొద్దిగా ఫ్లోరైడ్‌ను వదులుతుంది. అయితే కొత్తగా పెట్టినప్పుడు తడి తగిలితే బలహీనపడుతుంది, మరీ ఎండితే పగుళ్లిస్తుంది. అందుకే పైన వార్నిష్ పూస్తారు. నమిలే బరువు పడే చోట ఇది త్వరగా అరిగిపోతుంది. పాలపళ్లు పుచ్చిన, కుదురుగా కూర్చోని పిల్లలకు కూడా తరచు దీన్నే ఎంచుకుంటారు. పని త్వరగా అయిపోతుంది, పన్ను ఎలాగూ కొన్నేళ్లలో ఊడేదే.

చిక్కంతా మూడోదానితోనే. రెండు పెద్ద దవడ పళ్ల మధ్య మొదలైన పుచ్చు చిగురు కిందికి దిగింది. చిగురు వాచి, ముట్టుకుంటే రక్తం వస్తోంది. బరువూ ఎక్కువే, తడీ ఎక్కువే. ఇలాంటి చోట దశాబ్దాలుగా వెండి ఫిల్లింగ్, అంటే అమాల్గమ్ పెట్టేవారు. కాస్త తడినైనా తట్టుకుంటుంది, బరువు మోస్తుంది. కానీ పంటికి అతుక్కోదు. జారిపోకుండా ఉండటానికి లోపల వెడల్పుగా చెక్కాలి కాబట్టి కొంత మంచి పన్నూ పోతుంది. బరువులో దాదాపు సగం పాదరసమే. పాదరసాన్ని తగ్గించే మినమాటా ఒప్పందంలోని దేశాలు గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, 15 ఏళ్లలోపు పిల్లలకు దీన్ని వాడవద్దని 2022లో నిర్ణయించాయి. డాక్టరు తప్పనిసరి అనుకుంటేనే మినహాయింపు. యూరోపియన్ యూనియన్ 2025 నుంచి అందరికీ వాడకం ఆపేసింది, అక్కడా వైద్య అవసరానికి మినహాయింపు ఉంది.

మరి ఈమెకు? ముందు చిగురును శుభ్రం చేసి, వాపు తగ్గాక పని మొదలుపెట్టడం మేలు. అప్పటికీ అడుగు అంచున తడి ఆగకపోతే, కింది భాగంలో రెజిన్ కలిపిన గ్లాస్ అయానమర్ పెట్టి, నమిలే భాగాన్ని కాంపోజిట్‌తో కట్టవచ్చు. దీన్ని శాండ్‌విచ్ పద్ధతి అంటారు. పంటి గోడలు మరీ పల్చబడితే ఏ ఫిల్లింగూ నిలవదు, క్యాప్ గురించి ఆలోచించాలి.

ఫిల్లింగ్ పెట్టాక కొరికితే ఒక్కచోటే ముందుగా తగులుతుంటే ఎత్తు ఎక్కువైందన్నమాట. వెళ్తే రంగు కాగితంతో చూసి అరగదీస్తారు. ఫ్లాస్ దారం ప్రతిసారీ అదే చోట చిక్కి తెగుతున్నా, కొత్తగా అక్కడే తిండి ఇరుక్కుంటున్నా అంచు విడిందని అనుమానించాలి. ఎక్కువగా మళ్లీ పుచ్చేది అక్కడే.

పాత వెండి ఫిల్లింగ్ చెక్కుచెదరకుండా ఉంటే, పాదరసం భయంతో తీయించుకోకండి. తీసేటప్పుడే ఆవిరి ఎక్కువగా వస్తుంది, మంచి పన్నూ కొంత పోతుంది. కుర్చీలో కూర్చునే ముందే గర్భం, షుగరు, నోరు ఎండిపోవడం, అలర్జీల సంగతి డాక్టరుకు చెప్పండి. “ఏ రంగుది?” అని అడిగే ముందు “అక్కడ తడి ఆగుతుందా, బరువు ఎంత పడుతుంది?” అని అడగండి.