22 మీటలు, నిమిషానికి 225 మాటలు

అమెరికా కోర్టు దృశ్యం ఉన్న సినిమాల్లో జడ్జిగారి పీఠానికి కాస్త దిగువన ఒక మనిషి చిన్న యంత్రం ముందు కూర్చుని కనిపిస్తుంటారు. లాయర్లు ఎంత గట్టిగా వాదించుకుంటున్నా ఆ వేళ్లలో కంగారు ఉండదు. టైపు చేస్తున్నారు కాబోలు అనుకుంటాం. టైపు అయితే ఆ పని సాగదు. మనుషులు మామూలుగా మాట్లాడుకునేటప్పుడే నిమిషానికి నూటయాభై, రెండు వందల మాటలు దొర్లిపోతాయి. చేయి తిరిగిన టైపిస్టుకు కూడా అందులో సగం అందుకునేసరికి తలప్రాణం తోకకొస్తుంది. అక్షరం తర్వాత అక్షరం కొట్టుకుంటూ పోయే పద్ధతిలోనే ఆ ఆలస్యం ఉంది.

ఆ పద్ధతిని పక్కన పెట్టిన యంత్రమే స్టెనోటైప్. ఇప్పుడు వాడుకలో ఉన్న మీటల వరసకు రూపమిచ్చింది 1910లలో వార్డ్ స్టోన్ ఐర్లండ్ అనే కోర్టు రిపోర్టరు. అంకెల పట్టీని వదిలేస్తే దీనికి ఉన్నవి 22 మీటలే. ఎడమచేతి వేళ్ల కింద S T K P W H R, బొటనవేళ్ల కింద A O E U, కుడిచేతి వేళ్ల కింద F R P B L G T S D Z. మధ్యలో ఒక నక్షత్రం మీట; తప్పు పడితే చెరపడానికి అది. ఎడమచేయి పదభాగానికి ముందు వచ్చే హల్లులు చూసుకుంటుంది, బొటనవేళ్లు అచ్చులు, కుడిచేయి చివరి హల్లులు. P, R, T, S రెండు వైపులా ఉన్నాయంటే కారణం ఇదే.

కావలసిన మీటలన్నీ ఒకేసారి నొక్కి, ఒకేసారి వదలాలి. అన్ని వేళ్లూ పైకి లేచాకే యంత్రం లెక్క చూసుకుంటుంది. ఏ వేలు ముందు పడిందన్నది దానికి అక్కర్లేదు, ఎందుకంటే మాటలో ధ్వనులు వచ్చే వరస మీటల అమరికలోనే ఉంది. ‘స్ట్రింగ్స్’ అనే ఇంగ్లిష్ మాటకు S T R, E U, P B G S అని తొమ్మిది మీటలు ఒకే దెబ్బలో పడతాయి. తెలుగు చదివేవాళ్లకు ఇది మరీ కొత్త ఊహేం కాదు. ‘స్త్రీ’ అని రాస్తే మూడు హల్లులూ ఒక అచ్చూ కలిసి ఒకే అక్షరంగా కూర్చుంటాయి కదా. కాకపోతే మన అక్షరం అచ్చుతో ముగుస్తుంది, స్టెనో దెబ్బ ఆ తర్వాతి హల్లులను కూడా వెంటబెట్టుకుపోతుంది.

ఇంగ్లిష్‌లో ఉన్న ధ్వనులన్నిటికీ ఈ మీటలు చాలవు. అందుకని లేనివాటిని జోడింపులతో పుట్టిస్తారు. ఎడమవైపు D లేదు, TK కలిపితే D. TPH కలిపితే N. హ్రస్వ ‘ఇ’కి EU, దీర్ఘ ‘ఈ’కి AOE, ‘ఐ’కి నాలుగు అచ్చు మీటలూ కలిపి AOEU. రాసేది ధ్వనిని గనక స్పెల్లింగు పట్టించుకోరు. సాక్షిని లాయరు “డిడ్ యు సీ ద నైఫ్?” అని అడిగాడు, సాక్షి “నో” అన్నాడు అనుకుందాం. పాత యంత్రాల్లో సన్నటి కాగితం చుట్ట మీద, ఇప్పుడు తెర మీద, ప్రశ్నార్థకం సంగతి పక్కన పెడితే, ఇలా పడుతుంది:

```
STKPWHR
 TK       EU        D
           U
S      AO E
                  T
 T P H AO EUF
            FRPBLGTS
 T P H  O
```

ఒక్కో వరస ఒక్కో దెబ్బ. మొదటి వరసలో ఎడమచేతి మీటలన్నీ పడ్డాయి. ‘ఇక్కడ ప్రశ్న మొదలైంది’ అని దానర్థం. ఏడో వరసలో కుడిచేతి మీటలు గుంపుగా పడితే జవాబు మొదలైందన్నమాట. ‘ద’కు కుడివైపు T ఒక్కటి చాలు. ‘నైఫ్’ స్పెల్లింగులోని K పలకదు, రాయరు కూడా. టైపిస్టు ఖాళీలతో కలిపి ఇరవై రెండు సార్లు కొట్టాల్సిన ప్రశ్న ఇక్కడ గుర్తు దెబ్బ కాక అయిదు దెబ్బల్లో అయిపోయింది. చాలామంది రిపోర్టర్లు ‘డిడ్ యు’ని కూడా ఒకే దెబ్బ చేసేస్తారు. కోర్టులో రోజూ పదిసార్లు వినపడే పొడుగాటి పదబంధాలకు ఎవరి పొట్టి గుర్తులు వాళ్లవి. వాటన్నిటినీ నిఘంటువుగా పేర్చుకుంటే కంప్యూటరు అప్పటికప్పుడు మామూలు ఇంగ్లిష్‌లోకి మార్చి చూపిస్తుంది.

చిక్కు వచ్చేది కూడా ఈ నిఘంటువు దగ్గరే. ‘క్యాట్’ ఒక దెబ్బ, ‘లాగ్’ ఒక దెబ్బ. రెండూ పక్కపక్కన పడితే అది పిల్లీ దుంగా, లేక ‘క్యాటలాగ్’ అనే ఒకే మాటా? కంప్యూటరు సాధారణంగా పొడుగు మాటకే మొగ్గుతుంది. రిపోర్టరు అలాంటి జంటలను ముందే కనిపెట్టి, ఒకదాన్ని కాస్త వేరుగా రాసే అలవాటు చేసుకోవాలి. పక్క మీటకు వేలు తగిలితే ఇంకో మాట పుడుతుంది. వేగంలో ఒక దెబ్బ పూర్తిగా లేవకముందే రెండోది పడితే రెండూ అతుక్కుపోతాయి. నిఘంటువులో లేనిది పడితే తెర మీద పచ్చి అక్షరాలే మిగులుతాయి. ఒక విధంగా అదే మేలు, తప్పు కళ్లకు కనబడుతుంది. అర్థమున్న వేరే మాటగా మారి వాక్యంలో ఒదిగిపోయిన తప్పును పట్టుకోవడమే కష్టం. ‘వెంకటేశ్వర్లు’ లాంటి పేరు ముక్కలుగా పడి ఏవో ఇంగ్లిష్ మాటలుగా తేలే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే జాగ్రత్తపరులైన రిపోర్టర్లు విచారణకు ముందే పేర్ల జాబితా అడిగి తీసుకుని, ఆ కేసు కోసం వేరే చిన్న నిఘంటువు తయారు చేసుకుంటారు.

అమెరికాలో ఈ వృత్తికి పేరున్న ఆర్‌పీఆర్ సర్టిఫికెట్ రావాలంటే ప్రశ్న-జవాబుల డిక్టేషన్‌ను నిమిషానికి 225 మాటల వేగంతో, నూటికి 95 పాళ్లు తప్పులేకుండా రాయాలి. మీటల అమరిక నేర్చుకోవడం పెద్ద పని కాదు. ఆ వేగం రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, అక్కడ రికార్డు అంటే అన్న మాట అన్నట్టుగా ఉండాలి. మన సెషన్స్ కోర్టుల్లో సాక్షి చెప్పింది విని జడ్జిగారు కథనంగా డిక్టేట్ చేస్తారు, దాన్ని రాసుకుంటారు. చట్టం సాధారణ పద్ధతిగా చెప్పింది కూడా అదే. ప్రశ్న, జవాబు ఉన్నవున్నట్టు రాయించడం జడ్జిగారి విచక్షణ. “అవును” అనే ముందు సాక్షి “బహుశా” అన్నాడా, లాయరు ప్రశ్న ఎలా మలిచాడు అన్నవి కథనంలో కరిగిపోవచ్చు. అమెరికాలో అప్పీలు ఒక్కోసారి వాటి మీదే నడుస్తుంది.

రికార్డింగ్ పెట్టుకుంటే పోదా? అక్కడ చాలా కోర్టులు పెట్టుకున్నాయి. రిపోర్టర్ల కొరతా అందుకో కారణం. అయితే ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మైకు అభ్యంతరం చెప్పదు. రిపోర్టరు “ఒకరి తర్వాత ఒకరు” అని ఆపుతారు. సాక్షి తల ఊపితే నోటితో చెప్పమంటారు. లాయరు అడిగితే నిమిషం కిందటి ప్రశ్నను చదివి వినిపిస్తారు. లోపాన్ని అక్కడికక్కడే సరిచేయించే ఈ పని నా దృష్టిలో వేగం కంటే విలువైనది.

అమెరికాలోని తెలుగువాళ్లకు ఇది ఎక్కువగా తటస్థపడేది సివిల్ దావాల డిపొజిషన్లలో. సాధారణంగా లాయరు ఆఫీసులో, జడ్జి లేకుండా జరిగే వాంగ్మూలం అది. చాలాసార్లు ప్రమాణం చేయించేది కూడా రిపోర్టరే. ఫెడరల్ నియమాల ప్రకారం, వాంగ్మూలం ముగిసేలోగా సాక్షి గానీ, కేసులో ఒక పక్షం గానీ అడిగితే, ప్రతి సిద్ధమైందని తెలిపాక దాన్ని చదివి చూసుకోవడానికి సాక్షికి 30 రోజులు ఇస్తారు. మార్పులుంటే కారణాలతో సహా రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి.