కండెన్సర్ దాటిన నీరు, ఊపిరాడని చేప

థర్మల్ కేంద్రంలో బొగ్గు మండించగా పుట్టే వేడిలో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే కరెంటుగా మారుతుంది. కొంత వేడి పొగగొట్టం గుండా గాలిలోకి పోతుంది. మిగిలినదంతా, అంటే మొత్తంలో దాదాపు సగం, నీటిలోకి చేరుతుంది. టర్బైన్‌ను తిప్పి బయటికి వచ్చిన ఆవిరిని తిరిగి నీరుగా మారిస్తేనే అది మళ్లీ బాయిలర్‌కు పనికొస్తుంది. ఆ పని చేసే పరికరం కండెన్సర్. అందులో వేలాది సన్నని గొట్టాలు ఉంటాయి. గొట్టాల లోపల నది నుంచి తోడిన చల్లని నీరు పారుతుంటే, వాటి బయటి అంచున ఆవిరి నీరై కారుతుంది. ఆవిరి వదిలిన వేడిని మోసుకుని నదినీరు బయటపడుతుంది. అణువిద్యుత్ కేంద్రాల్లో పొగగొట్టం లేదు కాబట్టి రియాక్టర్ వేడిలో సుమారు మూడింట రెండు వంతులు ఈ దారినే పోవాలి.

ఇలా బయటపడిన నీటికి రంగు మారదు, వాసన రాదు. సీసాలో పట్టి చూస్తే లోపలికి వెళ్లిన నీటికీ దీనికీ తేడా కనిపించదు. ఉష్ణ కాలుష్యం ఇన్నేళ్లుగా చర్చకు దూరంగా ఉండిపోవడానికి పెద్ద కారణం ఇదే. బూడిద కనిపిస్తుంది, పొగ కనిపిస్తుంది, వేడి కనిపించదు.

విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణా ఒడ్డున ఉన్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రాన్ని తీసుకుంటే ఈ వేడి పరిమాణం అర్థమవుతుంది. అక్కడ మొదటి యూనిట్ 1979లో మొదలైంది. 1995 నాటికి 210 మెగావాట్ల యూనిట్లు ఆరు అయ్యాయి. నదినీటిని ఒక్కసారి కండెన్సర్ గుండా పంపి, కాలువ ద్వారా తిరిగి నదికి వదిలే పద్ధతిపైనే ఈ ఆరింటినీ కట్టారు. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి సామర్థ్యంతో నడిస్తే కండెన్సర్ నుంచి సుమారు 300 మెగావాట్ల వేడి తీసేయాలి. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పెరగకూడదనుకుంటే అందుకు గంటకు దాదాపు 27 వేల ఘనపు మీటర్ల నీరు కావాలి. నీటిపారుదల లెక్కలో ఇది 265 క్యూసెక్కులు. ఇలాంటి ఆరు యూనిట్లకు కలిపి 1,600 క్యూసెక్కులు కావాలి. ఒక మోస్తరు సాగునీటి కాలువలో పారేంత నీరది.

ఆ నీరు నదిని ఎంత వేడెక్కిస్తుందన్నది నదిలో పారే నీటిని బట్టి ఉంటుంది. ఆగస్టు వరదలో లక్ష క్యూసెక్కులు పోతున్నప్పుడు 1,600 క్యూసెక్కుల వేడినీరు కలిసినా, పూర్తిగా కలిశాక పెరిగేది డిగ్రీలో ఆరో వంతు మాత్రమే. అదే నదిలో 5 వేల క్యూసెక్కులే ఉంటే పెరుగుదల 3 డిగ్రీలు దాటుతుంది. 2 వేలకు పడిపోతే 8 డిగ్రీలు. అంటే కేంద్రంలో ఏ మార్పూ లేకుండానే, వానాకాలంలో పట్టించుకోనక్కర్లేని వేడి ఏప్రిల్, మే నెలల్లో నదికి మోయలేని భారం అవుతుంది. కరెంటుకు గిరాకీ ఎక్కువగా ఉండేదీ, నదిలో నీరు అడుగంటేదీ, ఆ ఉన్న నీరు ఎండకు ముందే వేడెక్కి ఉండేదీ ఆ నెలల్లోనే. బ్యారేజీ వెనక నీరు పెద్దగా కదలక నిలిచి ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. వదిలిన వేడినీరు తిరిగి తోడుకునే చోటికే చేరుతుంది. అప్పుడు కండెన్సర్ సరిగా చల్లబడదు, కేంద్రం ఉత్పత్తి కూడా తగ్గుతుంది.

వేడి పెరిగితే నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుందని బడిలో చెబుతారు. అది నిజమే. మంచినీరు 20 డిగ్రీల వద్ద లీటరుకు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల వద్ద అది 7.6కు, 40 డిగ్రీల వద్ద 6.4కు దిగుతుంది. కానీ ఈ తగ్గుదల ఒక్కటే చేపను చంపదన్న సంగతి గమనించాలి. చేపల మనుగడకు పనికొచ్చే నీటిలో కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశంలో కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతోంది. 40 డిగ్రీల నీరు కూడా, స్వచ్ఛంగా ఉండి గాలితో బాగా కలుస్తుంటే, ఆ గీతకు పైనే ఉంటుంది. అసలు నష్టం వేడి వల్ల ఆక్సిజన్ ఖర్చు పెరగడంలో ఉంది.

ఆ ఖర్చు రెండు వైపుల నుంచి పెరుగుతుంది. మొదటిది కుళ్లు. ఊళ్ల మురుగు, రాలిన ఆకులు, చచ్చిన నాచు ఏ నదిలోనైనా ఉంటాయి. వాటిని తినే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. నీరు 10 డిగ్రీలు వేడెక్కితే వాటి పని సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా వేగం అందుకుంటుంది. గాలి నుంచి నీటిలోకి ఆక్సిజన్ చేరే వేగమూ పెరుగుతుంది గానీ అంతగా కాదు, నాలుగో వంతు మాత్రమే. రాబడి కంటే ఖర్చు మించిపోతుంది. అందువల్ల, మురుగు కలిసే చోటు నుంచి దిగువకు పోయే కొద్దీ ఆక్సిజన్ తగ్గి మళ్లీ కోలుకునే ఆ గుంట, వేడినీటిలో మరింత లోతవుతుంది. పైగా మురుగు కలిసే చోటికి దగ్గరగా జరుగుతుంది. మురుగు లేని నదిలో అంతగా హాని చేయని వేడి, మురుగు పారే నదిలో చేపలకు ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే.

రెండోది చేప సొంత అవసరం. చేపకు ఒంటి వేడిని స్థిరంగా ఉంచుకునే శక్తి లేదు. నీరు ఎంత వేడెక్కితే దాని ఒళ్లూ అంతే వేడెక్కుతుంది. తట్టుకోగల హద్దుల లోపల, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దానికి కావలసిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. మరోవైపు వేడి పెరిగితే రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే బిగువు సడలుతుంది. అంటే ఎక్కువ కావలసిన సమయంలోనే నీటిలో తక్కువ ఉంటుంది, దొరికినదాన్ని పట్టుకోవడమూ కష్టమవుతుంది. చేప మొప్పలను ఎడతెగకుండా ఆడించాలి, ఆ శ్రమకూ ఆక్సిజనే ఖర్చవుతుంది. తిండి తగ్గుతుంది, ఎదుగుదల ఆగుతుంది. చివరికి నీటి పైపొరకు తేలి నోరు తెరిచి గుటకలు వేస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రైతులు తెల్లవారుజామున ఇది చూడగానే ఏరేటర్లు తిప్పుతారు. నదికి ఏరేటర్లు లేవు.

ఏ చేప ఎంత తట్టుకుంటుందన్నది జాతిని బట్టి మారుతుంది. చల్లని దేశాల ట్రౌట్ చేపకు 25 డిగ్రీలే ప్రాణం మీదికి తెస్తాయి. మన శీలావతి, బొచ్చె, ఎర్రమోసు 30 డిగ్రీల నీటిలో హాయిగా పెరుగుతాయి, కొద్దిసేపైతే 40 డిగ్రీలనూ ఓర్చుకుంటాయి. కాబట్టి మన నదుల్లో వేడికి ఒక్కసారిగా చచ్చి తేలే చేపలు అరుదు. ఇక్కడ జరిగేది మెల్లగా జరిగే మార్పు. ఈ చేపల్లో గుడ్లు పక్వానికి వచ్చేది వేసవిలో, వానలకు ముందు. గుడ్డు నుంచి పిల్ల సరిగా రావాలంటే నీరు 30 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. అది మించిపోతే పిల్లలు తగ్గుతాయి, వచ్చినవాటిలో వంకరలు కనిపిస్తాయి. వేడినీటి పాయ ఉన్న చోటును పెద్ద చేపలు వదిలి పోతాయి. గాలిని నేరుగా పీల్చుకోగల కొర్రమీను, మార్పు, వేడికి బెదరని జిలేబి చేప ఆ ఖాళీలో నిలదొక్కుకుంటాయి. వల నిండినట్టే ఉన్నా, వలలో పడే జాతులు మారిపోతాయి. ఇక నీటితో పాటే పంపుల్లోకి కొట్టుకుపోయే గుడ్లు, పిల్లలు, సూక్ష్మ ప్లవకాలు కండెన్సర్ గొట్టాల్లోని వేడికీ ఒత్తిడికీ, నాచు పట్టకుండా వేసే క్లోరిన్‌కూ గురవుతాయి.

ఈ నష్టాన్ని కొలవడంలో పొరపాటుకు అవకాశం చాలా ఉంది. చల్లని నీరు కండెన్సర్‌లో క్షణాల్లో వేడెక్కినప్పుడు అందులోని ఆక్సిజన్ వెంటనే బయటికి పోదు. పట్టగలిగినదాని కంటే ఎక్కువ వాయువును కొంతసేపు మోస్తూనే ఉంటుంది. కాలువ మొదట్లో, మధ్యాహ్నం, పై నీటిని పట్టి పరీక్షిస్తే అంకె బాగానే వస్తుంది. ఎండలో నాచు విడిచే ఆక్సిజన్ కూడా దానికి తోడవుతుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్‌ను తీసుకుంటుంది కాబట్టి సూర్యోదయానికి ముందు అంకె అడుగంటుతుంది. నిజం తెలియాలంటే తెల్లవారకముందు, వేడినీరు కలిసిన చోటుకు ఎగువనా దిగువన కొన్ని కిలోమీటర్ల వరకూ, పైనా అడుగునా కొలవాలి. అడుగున కొలవడం ఎందుకంటే, వేడినీరు తేలిక కావడం వల్ల చల్లని నీటి మీద పొరగా పరుచుకుంటుంది. లోతైన జలాశయంలో ఆ పొర కిందికి గాలి చేరదు. అడుగున ఉన్న బురద మిగిలిన ఆక్సిజన్‌ను హరిస్తుంది. పైన వేడి, కింద ఊపిరాడని నీరు, వాటి మధ్య సన్నని పొరలో చేపలు కిక్కిరిసిపోతాయి.

చలి దేశాల్లో ఈ కథ తిరగబడుతుంది. శీతాకాలంలో వేడినీటి కాలువే చేపలను రప్పిస్తుంది. అవి అక్కడి వెచ్చదనానికి అలవాటు పడ్డాక కేంద్రం హఠాత్తుగా ఆగితే నీరు గంటల్లో చల్లబడి చేపలు చలికి చచ్చిపోతాయి. అమెరికాలోని న్యూజెర్సీలో ఆయిస్టర్ క్రీక్ అణుకేంద్రం 1972 జనవరిలో ఆగినప్పుడు మెన్‌హేడెన్ అనే చేపలు ఇలాగే పెద్ద సంఖ్యలో చనిపోయాయి.

నది పరిమితిని కచ్చితంగా పాటిస్తే ఏమవుతుందో అదే దేశంలో అలబామాలోని బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రం చూపించింది. టెనెసీ నదిపై వీలర్ జలాశయం ఒడ్డున మూడు రియాక్టర్లతో నడిచే కేంద్రమిది. కేంద్రానికి దిగువన నదినీరు 32.2 డిగ్రీలు, అక్కడి కొలతలో 90 ఫారెన్‌హీట్, దాటకూడదన్నది దాని అనుమతిలోని షరతు. వేసవిలో సాయానికి కూలింగ్ టవర్లూ ఉన్నాయి. అయినా 2007 ఆగస్టులో ఒక రియాక్టర్‌ను ఆపేయాల్సి వచ్చింది. 2010 వేసవిలో వారాల తరబడి ఉత్పత్తిని దాదాపు సగానికి కోసేశారు. నది ఎండకే ఆ హద్దుకు చేరువైతే కేంద్రం దానికి కలపగలిగే వేడి దాదాపు సున్నా అవుతుంది.

మన దేశంలో నిబంధన క్రమంగా బిగుసుకుంది. 1999 జూన్ తరువాత నది, చెరువు, జలాశయాల నీటితో మొదలయ్యే థర్మల్ కేంద్రాలకు కూలింగ్ టవర్ తప్పనిసరి చేశారు. అంతకు ముందు నుంచీ ఉన్నవాటిలో కండెన్సర్ గుండా నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పెరగకూడదన్నారు. నీరు ఎంత పెరుగుతుందో చెప్పే షరతే గానీ నది ఎంత వరకు వేడెక్కవచ్చో చెప్పే షరతు కాదది. ముందే 33 డిగ్రీలున్న నీటిని 43కు చేర్చి వదిలినా షరతు తప్పినట్టు కాదు. 2015 డిసెంబరులో వచ్చిన ప్రకటన ఆ పాత కేంద్రాలు కూడా రెండేళ్లలో కూలింగ్ టవర్లు కట్టుకుని, యూనిట్ కరెంటుకు 3.5 లీటర్లకు మించి నీరు వాడకూడదని చెప్పింది. సముద్రపు నీటితో నడిచేవాటికి మాత్రం మినహాయింపు ఉంది.

కూలింగ్ టవర్‌లో వేడినీటిని పైనుంచి జల్లుగా పోస్తారు. కొంత ఆవిరై పోతూ మిగిలినదాన్ని చల్లబరుస్తుంది, ఆ నీరే మళ్లీ కండెన్సర్‌కు వెళ్తుంది. 3.5 లీటర్ల లెక్కన 210 మెగావాట్ల యూనిట్‌కు గంటకు 735 ఘనపు మీటర్లు చాలు. 265 క్యూసెక్కులు తోడే చోట 7 క్యూసెక్కులు. నదిలోకి వేడి దాదాపు పోదు, పంపుల్లోకి చేపపిల్లలూ అంతగా పోవు. అయితే పాత పద్ధతిలో తోడిన నీరు వేడెక్కినా చాలా వరకు నదికి తిరిగి చేరేది. టవర్‌లో ఆవిరైన నీరు ఇక ఆ నదిది కాదు. కృష్ణాలాంటి నదిలో, దిగువన డెల్టా ఆయకట్టు ఎదురుచూస్తుండగా, ఏడు క్యూసెక్కులకూ లెక్క అడుగుతారు. పైగా గాలి ఉక్కగా ఉన్న రోజుల్లో టవర్ అంతగా చల్లబరచలేదు. అలాంటి రోజుల్లో కేంద్రం ఉత్పత్తి కొంత తగ్గుతుంది గానీ, ఆ వేడి నదిలోని చేప మీద పడదు.