ముందు ఏ స్లైడు, వెనక ఏ స్లైడు?

ప్రకాశం జిల్లాలో ఒక ప్రైవేటు డెయిరీ ఉందనుకుందాం. రోజుకు 30 వేల లీటర్ల పాలు సేకరిస్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాయంత్రం పాలు పల్లె నుంచి ప్లాంటుకు చేరేలోపే రోజుకు దాదాపు రెండు వేల లీటర్లు విరిగిపోతున్నాయి. 20 ఊళ్లలో బల్క్ కూలర్లు పెడితే పాలు పితికిన కాసేపటికే నాలుగు డిగ్రీలకు చల్లబడతాయి, పాడు కావు. ఒక్కో కూలరుకు జనరేటరుతో కలిపి 15 లక్షలు, మొత్తం 3 కోట్లు. ఆ డబ్బు అడగడానికి పాల సేకరణ మేనేజరు బోర్డు ముందు నిలబడాలి. ఆమెకు ఇచ్చిన సమయం అరగంట. తయారైన స్లైడ్లు 34.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఈ పరిస్థితి కొత్తది కాదు. అక్కడి నుంచి చాలామంది చేసే పని కూడా ఒకటే. ముఖ్యమైనవి అనిపించినవి ముందు ఉంచి, మిగిలినవాటిని ‘బ్యాకప్’ అని రాసిన స్లైడు వెనక్కి నెడతారు. ‘ముఖ్యమైనవి’ అన్న కొలతే ఇక్కడ దారి తప్పిస్తుంది. తయారుచేసిన మనిషికి ఎక్కువ కష్టం పెట్టిన స్లైడే ముఖ్యంగా కనిపిస్తుంది. అయిదు కంపెనీల కూలర్లను పోల్చిన పట్టికకు రెండు వారాలు పట్టి ఉంటుంది కాబట్టి దాన్ని వెనక పెట్టడానికి మనసొప్పదు. బోర్డుకు ఆ రెండు వారాలతో పని లేదు.

పని మొదలుపెట్టాల్సింది స్లైడ్లతో కాదు, అడుగుతున్నదాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవడంతో. ‘20 ఊళ్లలో బల్క్ కూలర్లకు 3 కోట్లు మంజూరు చేయండి, మార్చిలోగా అమరుస్తాం.’ దీని కింద ఇంకో ప్రశ్న రాయాలి: ఒక డైరెక్టరు ఇందుకు సరే అనాలంటే ఏమేం నమ్మాలి? ఈ డెయిరీ విషయంలో అవి నాలుగే. పాలు విరగడం వల్ల నష్టం నిజంగా పెద్దది. దాన్ని కూలర్లు ఆపగలవు. పెట్టిన డబ్బు సహేతుకమైన కాలంలో తిరిగొస్తుంది. రానిపక్షంలో కంపెనీ ఎంతవరకు తట్టుకోగలదో తెలుసు. ఈ నాలుగింటిలో ఒకదాన్ని నమ్మించే స్లైడు ముందు ఉంటుంది. ముందున్న మాటకు రుజువుగా, ఎవరైనా అడిగితే చూపించాల్సిన స్లైడు బ్యాకప్‌లో ఉంటుంది. రెండింటికీ చెందనిది ఫైలులోంచే పోవాలి.

ఈ మూడో కుప్పను చాలామంది మరిచిపోతారు. కంపెనీ చరిత్ర, రాష్ట్రంలో పాల ఉత్పత్తి తీరు, గ్రామ సభ ఫొటోలు లాంటివి బోర్డులో ఎవరూ అడగరు. పారేయడానికి చెయ్యి రాక బ్యాకప్‌లో దాచుకుంటే, అసలు అవసరమైన స్లైడు వాటి మధ్య దొరకదు. మా లెక్కలో ఈ 34లో 12 పూర్తిగా పోయాయి. 9 ముందు నిలిచాయి, 13 వెనక్కి వెళ్లాయి.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. రోజుకు రెండు వేల లీటర్లు, లీటరు 40 రూపాయలు, 90 రోజులు అంటే ఏడాదికి 72 లక్షల నష్టం ఆగుతుంది. ఊళ్లోనే కూలరుంటే ఇప్పుడు సాయంత్రం పాలు పోయని రైతులూ పోస్తారని, రోజుకు 5 వేల లీటర్లు అదనంగా వస్తాయని మేనేజరు అంచనా. లీటరుకు మూడున్నర రూపాయలు మిగిలితే అది ఏడాదికి దాదాపు 64 లక్షలు. కరెంటుకు, డీజిలుకు, కూలరు చూసుకునే మనిషి జీతానికి ఒక్కో ఊరికి నెలకు 25 వేలు, మొత్తం ఏడాదికి 60 లక్షలు పోతాయి. మిగిలేది 76 లక్షలు. పెట్టుబడి నాలుగేళ్లలో వెనక్కి వస్తుంది.

మొదటి చిత్తులో ‘నాలుగేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది’ అన్న స్లైడు ముందు ఉంది. 31వ స్లైడులో, బ్యాకప్‌లో, ఇంకో చిన్న పట్టిక ఉంది. అదనపు పాలు అనుకున్నదాంట్లో సగమే వస్తే ఏమవుతుందో అది చెబుతుంది. అప్పుడు 64 లక్షలు 32 అవుతాయి, మిగులు 44 లక్షలకు పడుతుంది, పెట్టుబడి తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది.

ఆ పట్టికను వెనక పెట్టడంలో మోసం చేయాలన్న ఉద్దేశం లేదు. ‘ఇది సాంకేతిక వివరం, అడిగితే చూపిద్దాం’ అన్న మామూలు ఆలోచనే. కానీ నాలుగేళ్లకు సరే అనే డైరెక్టరు ఏడేళ్లకు సరే అనకపోవచ్చు. బహుశా ముందు పది ఊళ్లలో పెట్టి చూడమంటారు. నిర్ణయాన్ని మార్చగలిగే అంకె ఏదైనా, అది ఎంత చిన్న పట్టికలో ఉన్నా, ముందు ఉండాల్సిందే. ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం నేను ఎలాంటి సర్దుబాటూ ఒప్పుకోను.

అలా ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. 2003 జనవరి 16న అమెరికాలో కొలంబియా వ్యోమనౌక బయల్దేరిన 82 సెకన్లకు బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్కను తాకింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు ఆ దెబ్బ ప్రభావాన్ని లెక్కగట్టి స్లైడ్లలో పైవాళ్లకు వివరించారు. వాటిలో ఒకదాని శీర్షిక, పరీక్షల సమాచారం చూస్తే అంచనాలు జాగ్రత్త వైపే మొగ్గి ఉన్నాయన్న ధీమా కలిగించేది. అదే స్లైడు అట్టడుగున, చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, నౌకను తాకినదాని అంచనా 1,920. అంటే చేసిన పరీక్షలకూ జరిగిన దెబ్బకూ పోలికే లేదు. ఫిబ్రవరి 1న తిరుగుప్రయాణంలో నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఆ స్లైడు చదివిన పై అధికారికి ఇది ప్రాణాల మీదికి వచ్చిన విషయమని తట్టకపోవడం సులువుగా అర్థమయ్యేదేనని విచారణ సంఘం ఆ ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో రాసింది. ప్రమాదానికి ఒక్క స్లైడే కారణం కాదు, నివేదిక చెప్పిన కారణాలు చాలా ఉన్నాయి. అయినా నిర్ణయాన్ని మార్చాల్సిన అంకె ఫైలులో ఉంటే సరిపోదని, కంటబడే చోట ఉండాలని దీన్ని మించి చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

డెయిరీ స్లైడ్లకు వద్దాం. 31వ స్లైడు అయిదో స్థానానికి వచ్చింది. పట్టికగా కాదు, శీర్షిక మారి వచ్చింది: ‘అదనపు పాలు సగమే వస్తే పెట్టుబడి తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుంది’. కింద రెండు గీతల గ్రాఫు ఒక్కటే. 5 వేల లీటర్ల అంచనా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఊరివారీ సర్వే, అంటే ఎంతమంది రైతులు, ఎన్ని గేదెలు, ఇప్పుడు సాయంత్రం పాలు ఎవరికి పోస్తున్నారు అన్నది ఆరు స్లైడ్లుగా వెనకే ఉంది. కూలర్ల పోలిక కూడా రెండుగా విడిపోయింది. ఏ యంత్రం ఎంచుకున్నాం, ఎందుకు అన్నది ముందు ఒక్క వాక్యం. ధరలు, వారంటీ, రిపేరుకు మనిషి ఎన్ని గంటల్లో వస్తాడు అన్న పట్టిక వెనక. తెలియక తడబడేవాళ్లకు ఈ విడదీత బాగా పనికొస్తుంది. ఒక స్లైడు మొత్తం ముందుకో వెనక్కో పోవాలని లేదు. తేల్చిన మాట ముందు, దాని లెక్క వెనక.

సరిగ్గా విడదీశామో లేదో చూడడానికి శీర్షికలు మాత్రమే వరసగా పైకి చదవాలి. ‘ఆర్థిక విశ్లేషణ’, ‘మార్కెట్ పరిస్థితి’ లాంటి శీర్షికలతో ఈ పరీక్ష కుదరదు. ప్రతి శీర్షికా పూర్తి వాక్యం కావాలి. తొమ్మిది వాక్యాలూ చదివాక, వినే మనిషి ‘ఆ మాట ఎలా అన్నారు?’ అని ఆగిపోయిన చోట ఏదో స్లైడు వెనక చిక్కుకుపోయింది. ఒక వాక్యం తీసేసి చదివినా కథ అలాగే నడిస్తే ఆ స్లైడు ముందు అక్కర్లేదు.

ఈ విభజన ఒక సభకే. ఇదే ప్రతిపాదనతో బ్యాంకుకు అప్పు కోసం వెళ్తే, ఏ నెలలో ఎంత డబ్బు వస్తుంది, కిస్తీ ఎలా కడతారు అన్న పట్టిక వెనక నుంచి ముందుకు రావాలి. ప్లాంటు ఇంజినీర్ల దగ్గరైతే కరెంటు లోడూ జనరేటరు సామర్థ్యమూ ముందుకొస్తాయి.

బ్యాకప్‌ను ఎలా అమర్చామన్నది కూడా సభలో తేలుతుంది. ఫైనాన్స్ చూసే పెద్దాయన, ‘అవునమ్మా, డీజిలు ధర పెరిగితే?’ అన్నారనుకోండి. మేనేజరు ‘ఉందండీ, చూపిస్తాను’ అని, 13 స్లైడ్లను ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతే గదిలో అందరూ ఆ వెతుకులాటే చూస్తారు. అందుకే బ్యాకప్‌కు ముందు ఒక సూచిక స్లైడు పెట్టాలి. అందులో విషయాల పేర్లు కాకుండా రాబోయే ప్రశ్నలే రాసి, పక్కన స్లైడు నంబరు వేసి, ఆ కాగితం చేతిలో ఉంచుకోవాలి. పవర్‌పాయింట్‌లో స్లైడ్ షో నడుస్తుండగా ఆ నంబరు కొట్టి Enter నొక్కితే నేరుగా అక్కడికి పోతుంది. ఆఖరి నిమిషంలో ముందు స్లైడ్లలో అంకె మార్చితే వెనకా మార్చాలి. ముందు 3 కోట్లు, వెనక పాత కొటేషనుతో 2 కోట్ల 80 లక్షలు కనిపిస్తే ఆ తరువాత చూపే ఏ అంకెనూ ఎవరూ నమ్మరు.

సభ అయ్యాక ఎవరు ఏ బ్యాకప్ స్లైడు అడిగారో రాసుకోండి. మొదటి అయిదు నిమిషాల్లోనే వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆ స్లైడు ముందు ఉండాల్సిందని అర్థం. ఇక ఫైలు ఎవరికైనా మెయిల్ చేసే ముందు బ్యాకప్‌ను ఇంకోసారి చూడండి. Hide Slide నొక్కి దాచిన స్లైడు తెర మీదే కనిపించదు, ఫైలుతో పాటు అన్నీ వెళ్తాయి. కొటేషన్లు, జీతాల లెక్కలు ఉన్న స్లైడ్లను తీసేసిన కాపీ వేరే చేసి, అదే పంపండి.