ఇంటికొచ్చిన కంపెనీ ఉత్తరం

దీపావళికి పది రోజుల ముందు కంపెనీ ముద్ర ఉన్న కవరు గుమ్మంలో పడితే, ఇంట్లోవాళ్ళు అందులో ముందు వెతికేది శుభాకాంక్షల్ని కాదు, బోనసుని. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. 1965 నాటి బోనస్ చట్టం లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోగా బోనసు చెల్లించమంది. మార్చి 31తో లెక్కలు మూసే కంపెనీకి ఆ గడువు నవంబరు 30. దసరా, దీపావళి సరిగ్గా దానికి ముందే వస్తాయి. అలా పండగా బోనసూ ఏళ్ళ తరబడి ఒకే మాటగా కలిసిపోయాయి. అందువల్ల పండగ ఉత్తరంలో ‘త్వరలో శుభవార్త’ అని సరదాకి రాసినా, కిరాణా కొట్టు బాకీ దాకా లెక్కలు వేసేసుకుంటారు.

హైదరాబాదు శివార్లలోని ఒక మందుల ఫ్యాక్టరీ మేనేజరు గారు అలాంటి ఉత్తరం చిత్తుప్రతి నాకు చూపించారు. ‘మీ శ్రీవారి కృషితో ఈ ఏడాది లక్ష్యాలను దాటేశాం. మీ త్యాగానికి కృతజ్ఞతలు. ఇకముందూ మీ సహకారం ఆశిస్తూ...’ అని ఉంది. మనిషి మంచివాడే, ఉత్తరమే మేనేజరులా మాట్లాడుతోంది. లక్ష్యం దాటామన్నాక ‘మరి మాకేంటి?’ అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ‘ఇకముందూ సహకారం’ అంటే ఇంకా ఓవర్‌టైం ఉందని ఇల్లాలు అర్థం చేసుకుంటుంది. ‘త్యాగం’ ఇంకా పెద్ద మాట. ఆవిడ త్యాగం చేస్తానని ఎవరికీ చెప్పలేదు.

‘శ్రీవారు’ దగ్గర అసలు చిక్కు ఉంది. ఆ ఫ్యాక్టరీ ల్యాబులో సగం మంది ఆడపిల్లలు. ప్యాకింగులో పెళ్ళికాని కుర్రాళ్ళున్నారు, వాళ్ళ ఇల్లంటే శ్రీకాకుళంలోనో ఒడిశాలోనో ఉన్న అమ్మ. అందుకని ముందు ఒక చిన్న కాగితం అందరికీ పంచమన్నాను: ‘ఉత్తరం ఎవరి పేరున పంపాలి? ఏ చిరునామాకి? ఏ భాషలో?’ చాలామంది అమ్మ పేరు రాశారు. ఒకతను అక్క పేరు రాశాడు. ఇంకొకతను తనతోపాటు గదిలో ఉండే స్నేహితుడి పేరు రాశాడు, అదీ కుటుంబమే.

తర్వాత పండగ కథ. చిత్తుప్రతిలో రాముడు అయోధ్యకు తిరిగొచ్చిన రోజని ఉంది. బీహారు నుంచి వచ్చినవాళ్ళకి అది సొంత కథే. మన ఇళ్ళలో దీపావళి అంటే ముందు గుర్తొచ్చేది నరకాసురుడు, సత్యభామ. బెంగాలీలకి ఆ రాత్రి కాళీపూజ. ఒక కథ చెబితే రెండు ఇళ్ళు పరాయివవుతాయి, అన్నీ చెబితే ఉత్తరం పాఠ్యపుస్తకమవుతుంది. కథ తీసేసి దీపాన్ని ఉంచాం.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాల మాటేమిటి? ‘పండగ కాలపు శుభాకాంక్షలు’ అనేస్తే పోతుందన్నారు ఆఫీసులో. నాకది గోడ మీద పిల్లివాటంగా తోచింది. పండగ పేరు చెప్పాలి, అందరూ చేసుకుంటారని మాత్రం అనుకోకూడదు. ‘ఈసారి పండగ చేసుకోని ఇళ్ళకు’ అని రాశాను. ఏడాదిలో మనిషి పోయిన ఇంటికి ఆ మాట సరిపోతుంది, ముస్లిం ఇంటికి సరిపోదు. ‘ఈసారి’ కొట్టేస్తే ఇద్దరికీ సరిపోయింది. మతాల జాబితా అక్కర్లేకపోయింది.

చివరికి ఉత్తరం ఇలా తేలింది:

‘నమస్కారం. దీపావళి చేసుకునే ఇళ్ళకు మా శుభాకాంక్షలు. చేసుకోని ఇళ్ళకు అంతే ఆప్యాయతతో మా పలకరింపు. మీ ఇంటి మనిషి మాతో పనిచేస్తున్నారు. వాళ్ళు వేళకు బయల్దేరడం వెనక మీరు తెల్లవారుజామున సర్దిన క్యారేజీ ఉంటుందని మాకు తెలుసు. మొదలుపెట్టిన బ్యాచిని మధ్యలో ఆపలేం గనక పండగ రాత్రి కూడా కొందరు షిఫ్టులో ఉంటారు. ఆ రాత్రి మీకు వాళ్ళు లేని లోటు ఉంటుంది, అందుకు మన్నించండి. మర్నాడు ఉదయం ఆరున్నర బస్సులో వాళ్ళు ఇంటికి బయల్దేరతారు. బాణసంచా దగ్గర పిల్లలు జాగ్రత్త.’

బస్సు వేళ వేయాలా వద్దా అని కాసేపు వాదన జరిగింది. నా మట్టుకు ఉత్తరం మొత్తంలో మనసుకి దగ్గరైన వాక్యం అదే, ఇంట్లోవాళ్ళకి నిజంగా పనికొచ్చేదీ అదే. ఒక్క జాగ్రత్త: రాశాక ఆ బస్సు ఆలస్యం కాకూడదు.

కింద ‘యాజమాన్యం’ అని అచ్చు వేయలేదు. మేనేజరు గారు ప్రతి ఉత్తరం మీదా పెన్నుతో సంతకం చేశారు. కవర్ల నాలుగు మూలలా పసుపు పెడదామని ఒకరన్నారు గానీ అన్ని ఇళ్ళకూ వెళ్ళేది కదా అని వద్దనుకున్నాం. తెలుగు, హిందీ, ఒడియా ప్రతులు వేరువేరుగా వెళ్ళాయి. బోనసు నోటీసు మరో రోజు, మరో కాగితం మీద, గేటు పక్కనున్న బోర్డుకి అంటించారు.